ఎండిన లాన్ పచ్చగా, ఖాళీ తోట నిండుగా: నర్సరీ కేటలాగ్ ఫొటోకి ఏ దారి మంచిది?

మన దగ్గర నర్సరీ వ్యాపారం అంతా వానల మీదే నడుస్తుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, ఫామ్‌హౌస్‌ల వాళ్ళు, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్ళు అందరూ మొయినాబాద్, శామీర్‌పేట వైపు బండి తిప్పుతారు. అప్పటికి కేటలాగ్ చేతిలో ఉండాలంటే జూన్ మొదట్లోనే ప్రెస్‌కి పోవాలి, అంటే ఫొటోలు మేలో తీయాలి. మేలో హైదరాబాద్ చుట్టుపక్కల ఏ లాన్ పచ్చగా ఉంటుంది చెప్పండి, ఇంట్లో వాడకానికే ట్యాంకర్ బుక్ చేసుకునే రోజుల్లో. అందుకే నర్సరీ ఓనర్లు ఫొటో పంపుతూ ప్రతి ఏడూ అనేది ఒకటే మాట: "అన్నా, గడ్డి జర పచ్చగ చెయ్యి, ఆ గోడ పక్కన ఖాళీ ఉంది గదా, నాలుగు మొక్కలు పెట్టు."

ఈ పని చేయడానికి నాలుగు దారులున్నాయి. ఉన్న గడ్డికే ఎడిటింగ్‌లో రంగు మార్చడం, మీ నర్సరీ మొక్కల ఫొటోలు కత్తిరించి అతికించడం, ఫొటోషాప్‌లో జనరేటివ్ ఫిల్‌తో మొక్కలు పుట్టించడం, నిజం మొక్కలే తీసుకెళ్ళి అక్కడ పెట్టి మళ్ళీ ఫొటో తీయడం. ఏది ఎంచుకోవాలన్నది సాఫ్ట్‌వేర్ బట్టి కాదు, మార్చబోయేది మీరు అమ్మే సరుకా, దాని వెనకున్న జాగానా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. వెనకున్న జాగా అయితే రంగు మార్చుకోండి, పర్వాలేదు. అమ్మే మొక్క అయితే అది నిజం మొక్క ఫొటోనే అయ్యుండాలి. మీరు చదరపు అడుగు లెక్కన మెక్సికన్ గడ్డి అమ్ముతూ, ఎండిన మెక్సికన్ లాన్‌కి రంగేసి ఆ పేజీలోనే వేస్తే అది సరుకు మీద అబద్ధం చెప్పడమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర అథారిటీకి ఉంది. చిన్న నర్సరీ కేటలాగ్ దాకా వాళ్ళు రాకపోవచ్చు, కానీ కొన్నవాడు ఆ పేజీ పట్టుకుని గేటు దగ్గరికి వస్తాడు.

మాటలు గాల్లో ఉండకుండా ఒక ఫొటో ఊహించుకుందాం. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్ ముంగిలి, మే రెండో వారం, ఉదయం 11 గంటలు. ముందు గడ్డిపరక రంగుకి తిరిగిన మెక్సికన్ లాన్, మధ్యలో గేటు దాకా సిమెంటు బాట, వెనక క్రీమ్ రంగు కాంపౌండ్ గోడ, గోడ పొడుగునా మూడడుగుల వెడల్పున ఎర్రమట్టి పట్టీ, అందులో ఏమీ లేదు. ఓనర్‌కి కావలసింది పచ్చని లాన్, గోడ పక్కన ఎక్సోరా వరస, రెండు మూలల్లో రెండు అరెకా పామ్‌లు. ఆయన అమ్మేది ఎక్సోరా, అరెకా. లాన్ ఊరికే నేపథ్యం.

లాన్ సంగతి: రంగు మారిస్తే సరిపోతుందా?

సరిపోతుంది, కాకపోతే ఒక షరతు ఉంది. గడ్డి ఎండినా దట్టంగా ఉండాలి. రంగు మార్చడం అంటే ఉన్న పరకల మీద పచ్చదనం పూయడమే, కొత్త పరకలు మొలిపించడం కాదు. మట్టి బయటపడిన చోట రంగేస్తే పచ్చటి మట్టి వస్తుంది, చూసేవాడికి నాచు పట్టినట్టు కనిపిస్తుంది. ఫొటోని పెద్దది చేసి చూడండి. నాలుగో వంతు కన్నా ఎక్కువ జాగాలో మట్టి కనిపిస్తుంటే రంగు జోలికి పోకండి, వేరే కోణంలో ఫొటో తీయడమో, ఫ్రేమ్ కత్తిరించడమో మేలు. కెమెరా కిందికి దించి తీస్తే పరకల మధ్య మట్టి చాలావరకు దాగిపోతుంది, లాన్ దట్టంగా కనిపిస్తుంది, దీనికి ఎడిటింగ్ కూడా అక్కర్లేదు.

దట్టంగా ఉందనుకుందాం. ఎక్కువమంది ఇక్కడ చేసేది ఏంటంటే, `Hue/Saturation` తెరిచి, హ్యూ జరిపి, సాచురేషన్ పెంచి, అయిపోయింది అనుకుంటారు. తీరా చూస్తే లాన్ చిలకపచ్చ ప్లాస్టిక్ చాపలా మెరుస్తుంటుంది. కారణం సులువే. ఎండిన గడ్డికీ పచ్చ గడ్డికీ తేడా రంగులో ఒక్కదాంట్లోనే లేదు, వెలుగులో కూడా ఉంది. ఎండిన పరక వెలుతురుని బాగా వెనక్కి కొడుతుంది, పచ్చ ఆకు చాలావరకు తాగేస్తుంది. అంకెల్లో చెప్తే, ఫొటోలో ఎండిన గడ్డి హ్యూ దాదాపు 40 డిగ్రీలు, సాచురేషన్ 35 శాతం, బ్రైట్‌నెస్ 75 శాతం దగ్గర ఉంటుంది. ఎండలో ఉన్న పచ్చ గడ్డి హ్యూ 80, సాచురేషన్ 55, బ్రైట్‌నెస్ 45 దగ్గర. మొదటి రెండూ మార్చి మూడోదాన్ని వదిలేస్తే వచ్చేదే ఆ ప్లాస్టిక్ చాప. ఇంకో సంగతి గమనించండి, పచ్చ గడ్డి హ్యూ 80 అన్నాను, 120 కాదు. 120 అంటే అచ్చమైన కంప్యూటర్ పచ్చ, అది ఏ గడ్డికీ ఉండదు. నిజం గడ్డిలో పసుపు పాలు ఎక్కువ. ఈ అంకెలు కూడా ఒక అంచనా కోసమే, మీ దగ్గర పోయిన ఏడాది వానాకాలంలో ఎండలో తీసిన లాన్ ఫొటో ఉంటే అందులోంచి ఐడ్రాపర్‌తో రంగు తీసుకోవడం అన్నిటికన్నా నయం.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు బోడి మచ్చలు పూడ్చాలి, కొత్త లేయర్ తీసుకుని క్లోన్ స్టాంప్‌తో పక్కనున్న దట్టమైన గడ్డిని వాటి మీదికి తేవాలి. ఇది రంగు వేయకముందే చేయాలి, తర్వాత చేస్తే మచ్చ మచ్చకీ రంగు తేడా వచ్చి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ తర్వాత లాన్ వరకు మాస్క్ గీయాలి. మాస్క్ లేకుండా పసుపు రంగులన్నీ జరిపితే ఎర్రమట్టి, క్రీమ్ గోడ, కుండీలు, పక్కన మనుషులుంటే వాళ్ళ చేతులు, అన్నీ కలిపి పచ్చబడతాయి, ఎందుకంటే వీటన్నిటి హ్యూ ఎండుగడ్డికి దగ్గర్లోనే ఉంటుంది. బాట అంచు దగ్గర మాస్క్‌ని గీత గీసినట్టు వదలొద్దు, గడ్డి ఆకారం బ్రష్‌తో కొన్ని పరకలు సిమెంటు మీదికి వచ్చేలా చెదరగొట్టండి.

ఇప్పుడు `Hue/Saturation` లేయర్, హ్యూ +35 నుంచి +40, సాచురేషన్ కొంచెం పైకి. దాని మీద `Curves` లేయర్, మధ్యలో పట్టుకుని కిందికి లాగండి, మాస్క్ అదే. గడ్డి మరీ తెల్లబోయి ఉంటే హ్యూ జరిపినా రంగు ఎక్కదు, జరపడానికి అందులో అసలు రంగే ఉండదు కాబట్టి. అప్పుడు ఐడ్రాపర్‌తో తీసిన పచ్చ రంగు నింపిన లేయర్‌ని `Color` మోడ్‌లో పెట్టి, ఒపాసిటీ 60, 70 దగ్గర ఆపండి. ఆఖర్న ఈ రంగు లేయర్లన్నిటినీ ఒక గ్రూపులో వేసి ఒపాసిటీ 85కి దించండి. ఆ కాస్త గోధుమరంగు మిగలడమే మంచిది, మన ఎండల్లో నూటికి నూరుపాళ్ళు ఒకే పచ్చగా ఉన్న లాన్ కనిపిస్తే అది టర్ఫ్ కోర్ట్ అనుకుంటారు.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అన్నిటి పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టి చూడండి. రంగు పోయాక లాన్ సిమెంటు బాట అంత తెల్లగా కనిపిస్తుంటే వెలుగు ఇంకా తగ్గలేదన్నమాట. పక్కన నిజంగా పచ్చగా ఉన్న చెట్టేదైనా ఫ్రేమ్‌లో ఉంటే దాని ఎండ పడిన ఆకులకి లాన్ దగ్గరగా ఉండాలి. ఇంకో చిన్న పని, గోడ అడుగున, తెల్ల కుండీ ఉంటే దాని కింది భాగాన, `Color` మోడ్‌లో మెత్తటి బ్రష్‌తో పదిశాతం పచ్చ పూయండి. పచ్చ లాన్ పక్కనున్న తెల్ల గోడకి ఆ ఛాయ కొద్దిగా పడుతుంది, అది లేకపోతే చూసేవాడు ఏం తేడానో చెప్పలేడు గానీ ఏదో తేడా ఉందని పసిగడతాడు.

ఫోన్‌లో అయితే? లైట్‌రూమ్‌లో పసుపు రంగు హ్యూని కుడివైపు చివరిదాకా తోస్తే సగం ఎండిన లాన్ పచ్చబడుతుంది. పూర్తిగా ఎండినదానికి అది చాలదు. కంప్యూటర్ ఉండి ఫొటోషాప్ కొనలేకపోతే గింప్, ఫొటోపీ రెండింట్లోనూ పైన చెప్పిన పనులు చేసుకోవచ్చు.

ఖాళీ పట్టీలో మొక్కలు

ఇక్కడ మాత్రం నా ఓటు నాలుగో దారికే. వేరే ఏ వ్యాపారానికీ లేని సౌకర్యం నర్సరీకి ఉంది, ఫొటోలో పెట్టాల్సిన వస్తువు వాళ్ళ షెడ్ నెట్ కింద వందల్లో ఉంటుంది. ఇరవై ఎక్సోరాలు, రెండు అరెకాలు ట్రాలీ ఆటోలో వేసుకెళ్ళి, ఎర్రమట్టి పట్టీలో కవర్లతోనే వరసగా నిలబెట్టి, కవర్లు కనిపించకుండా చుట్టూ మట్టో కోకోపీటో ఎగదోసి, ఆకుల మీద నీళ్ళు చిలకరించి ఫొటో తీస్తే పూటలో పని అయిపోతుంది. సాయంత్రం మొక్కలు మళ్ళీ నర్సరీకి. నీడలు, సైజు, వెలుతురు అన్నీ వాటంతట అవే కుదురుతాయి, ఎడిటర్‌కిచ్చే డబ్బు ఆటోవాడికి ఇచ్చినట్టవుతుంది. ఒక్క జాగ్రత్త, షెడ్ నెట్ కింద పెరిగిన మొక్కల్ని మే ఎండలో గంటల తరబడి ఉంచితే ఆకులు మాడతాయి, ముఖ్యంగా నీడకి అలవాటు పడ్డ అరెకా. తెల్లారి ఏడింటికి తీసి తొమ్మిదిలోపు సర్దేయండి, ఆ వెలుతురే ఫొటోకీ బాగుంటుంది.

అది కుదరనప్పుడు, అంటే ఆ ఫామ్‌హౌస్ ఇప్పుడు వేరేవాళ్ళ చేతిలో ఉందో, పాత ఫొటో ఒక్కటే మిగిలిందో అనుకోండి, అప్పుడు రెండో దారి. మీ మొక్కల్నే ఫొటో తీసి, కత్తిరించి అతికించాలి. దీంట్లో పట్టించేవి రెండే రెండు, నీడ, సైజు. మిగతావన్నీ ఎవరూ పట్టించుకోరు.

నీడ ముందు చూద్దాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా ఉన్న దేనికీ నీడ పక్కకి పడదు. మన ఫొటో మే రెండో వారం 11 గంటలది కాబట్టి నీడ మొక్క ఎత్తులో మూడో వంతు ఉంటుంది, పడమటి వైపుకి. మీ దగ్గరున్న అరెకా ఫొటో డిసెంబర్ మధ్యాహ్నం తీసిందైతే దాని నీడ దాదాపు మొక్క ఎత్తంత ఉండి ఉత్తరానికి వాలుతుంది. నీడ కత్తిరించి పారేసినా ఆకుల మీద వెలుగు ఒక పక్క నుంచి పడిందన్నది దాచలేం, మే ఫొటోలో మిగతావన్నీ పైనుంచి వెలుగుతుంటే ఇదొక్కటి పక్కనుంచి వెలుగుతుంది. అందుకని మొక్కల ఫొటోలు ఆ నేపథ్యం ఫొటో తీసిన గంటకి దగ్గర్లో, అదే కాలంలో తీయండి, లేదంటే మబ్బు పట్టినప్పుడు తీయండి. మబ్బు వెలుతురుకి దిక్కు ఉండదు కాబట్టి తర్వాత ఎటు కావాలంటే అటు కొంచెం వెలుగు పెంచుకోవచ్చు. అతికించాక రెండు నీడలు గీయాలి: మొక్క మట్టిని తాకే చోట సన్నగా, బాగా నల్లగా ఒకటి, పక్కకి పడే మెత్తటిది ఒకటి. మొదటిది మర్చిపోతేనే మొక్కలు గాల్లో తేలుతుంటాయి. నీడ లేయర్ `Multiply` మోడ్‌లో ఉండాలి, రంగు కటిక నలుపు కాకుండా అదే ఫొటోలో వేరే నీడలోంచి తీసుకున్నది అయితే మట్టి ఎరుపు అడుగున కనిపిస్తుంది.

సైజుకి ఒక లెక్క ఉంది, ఇది తెలిస్తే అంచనాలతో పని లేదు. నేల సమంగా ఉండి, కెమెరా వంపు లేకుండా పట్టుకుని తీసిన ఫొటోలో, కెమెరా ఎంత ఎత్తున ఉందో అంతే ఎత్తున్న వస్తువు ఎక్కడ నిలబడ్డా దాని తల దిగంతం గీతని తాకుతుంది. గోడ అడ్డమొచ్చి దిగంతం కనిపించకపోతే, సిమెంటు బాట రెండు అంచుల్నీ గీతలుగా పొడిగించండి, అవి కలిసే ఎత్తులో అడ్డంగా గీసిన గీతే దిగంతం. మన ఫొటో నాలుగున్నర అడుగుల ఎత్తున ఫోన్ పట్టుకుని తీశారు అనుకుందాం. గోడ పక్కన మొక్క మొదలు పెట్టాల్సిన చోటు నుంచి దిగంతం దాకా 900 పిక్సెల్స్ ఉంది. అంటే ఆ చోట నాలుగున్నర అడుగులు 900 పిక్సెల్స్. అడుగున్నర ఎక్సోరా 300 పిక్సెల్స్ ఉండాలి. అదే మొక్కని కొంచెం ముందుకి, దిగంతానికి 1200 పిక్సెల్స్ కిందున్న చోట పెడితే 400. ఓనర్ ఆరడుగుల అరెకా అమ్ముతుంటే గోడ దగ్గర అది 1200 పిక్సెల్స్, దిగంతం దాటి పైకి పోతుంది, పోవాలి కూడా. చాలా కేటలాగుల్లో ఎక్సోరా గోడలో సగం దాకా వస్తుంటుంది, అంత మొక్క చిన్న కవర్లో రాదు, కొన్నవాడు ఎనిమిది బై పది కవర్‌లో జానెడు మొక్క చూసి గొడవపడేది అందుకే. పెరిగిన తర్వాత ఎలా ఉంటుందో చూపించాలనుకుంటే చూపించండి, కానీ కింద "పెరిగిన తర్వాత ఇలా" అని రాసి, ఇప్పుడు ఇచ్చే కవర్ సైజు, మొక్క ఎత్తు పక్కనే వేయండి.

కత్తిరించడం గురించి ఎక్కువ చెప్పను, ఎక్సోరా లాంటి గుబురు మొక్కకి వెనక బూడిద రంగు దుప్పటి పట్టుకుని తీస్తే ఎవరైనా కత్తిరించగలరు. కష్టమంతా అరెకాతోనే, ఆ సన్నని ఆకుల సందుల్లో పాత నేపథ్యం ఇరుక్కుపోతుంది. దానికో చిట్కా: అరెకాని ఎండ సమంగా పడ్డ తెల్లగోడ ముందు పెట్టి తీసి, మన క్రీమ్ గోడ మీదికి `Multiply` మోడ్‌లో వేయండి, తెలుపు దానంతటదే మాయమై ఆకులే మిగులుతాయి. కింది మట్టి భాగం మాత్రం చేత్తో కత్తిరించుకోవాలి. వెనక ఉన్నది లేత రంగు గోడ కాబట్టే ఇది పనిచేస్తుంది, వెనక చెట్లుంటే పనిచేయదు.

ఇక జనరేటివ్ ఫిల్. 2023లో ఫొటోషాప్‌లోకి వచ్చినప్పటి నుంచీ డిజైనర్లు దీని మీదే పడ్డారు, ఎంచుకుని రెండు మాటలు టైప్ చేస్తే మొక్కల వరస వచ్చేస్తుంది, నీడలతో సహా. నేపథ్యంలో దూరంగా చెట్ల గుబురు కావాలన్నా, ఫ్రేమ్ పక్కకి కొంచెం పొడిగించాలన్నా, బోడి మచ్చ పూడ్చాలన్నా నేనూ వాడతాను. అమ్మే మొక్కకి మాత్రం వద్దు. అది గీసేది మొక్క లాంటిది, మొక్క కాదు. ఎక్సోరా, అదే మన నూరు వరహాలు, పువ్వుకి రేకులు నాలుగే, ఆకులు జతజతగా ఎదురెదురుగా వస్తాయి. ఫిల్‌లో వచ్చినదాన్ని పెద్దది చేసి చూడండి, ఒక పువ్వుకి ఐదు, పక్కదానికి మూడు, ఆకులు ఎటుపడితే అటు. దేవగన్నేరు అడిగినా ఐదు రేకుల లెక్క ఇలాగే తప్పుతుంది. తోటమాలికి ఒక్క చూపులో తెలిసిపోతుంది, తెలియని కస్టమర్ అయితే ఇంకా ఇబ్బంది, ఆ పేజీ చూపించి "ఇదే కావాలి" అంటాడు, అది కడియం నుంచి తెప్పించినా దొరకదు. పైగా ప్రింట్‌లో ఇంకో చిక్కు ఉంది. వచ్చిన కొత్తలో ఒక్కసారికి 1024 పిక్సెల్స్ చదరం దాకానే గీసి, అంతకన్నా పెద్ద జాగా ఎంచుకుంటే సాగదీసేది. ఎ5 పేజీ నిండా ఫొటో వేయాలంటే 300 డీపీఐలో 1748 బై 2480 పిక్సెల్స్ కావాలి. మీ వెర్షన్ ఏదైనా సరే, నూరు శాతం జూమ్‌లో గోడ గరుకుదనానికీ, పక్కన పుట్టిన ఆకుల అంచుకీ తేడా చూసుకోండి. ఒకటి పదునుగా, ఒకటి మెత్తగా ఉంటే అచ్చులో ఇంకా బయటపడుతుంది.

మన మొయినాబాద్ ఫొటోకి నేనైతే ఇలా చేస్తాను: లాన్‌కి రంగు, ఎక్సోరా అరెకాలు నిజంగా తీసుకెళ్ళి పెట్టడం, కుదరకపోతే అతికించడం, గోడ వెనక ఆకాశం బోసిగా ఉంటే అక్కడ మాత్రం ఫిల్. మీ కేటలాగ్ వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ మాత్రమే అయితే ఇక్కడితో పని అయిపోయినట్టే.

అచ్చు వేయిస్తున్నారంటే ఇంకొక్క మెట్టుంది. స్క్రీన్ మీద మెరిసే పచ్చ నాలుగు రంగుల ప్రింటింగ్‌లో రాదు, సియాన్, పసుపు సిరాలు కలిస్తే వచ్చే పచ్చకి ఒక హద్దుంది, దాన్ని దాటిన రంగు చప్పబడిపోతుంది. ఫొటోషాప్‌లో `Proof Colors` పెట్టుకుని లాన్ ఎంత మారుతుందో చూడండి. బాగా మారితే సాచురేషన్ ఇంకా తగ్గించాలి. నిజం గడ్డి పచ్చలో కొంచెం మెజెంటా కూడా ఉంటుంది, ఇరవై ముప్పై శాతం దాకా, అది సున్నా ఉంటే అచ్చులో చిలకపచ్చే వస్తుంది. ప్రెస్‌వాడికి ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. లాన్ ఉన్న పేజీ ఒక్కటి అదే ఆర్ట్ పేపర్ మీద ప్రూఫ్ తీయించి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా షాపు బయట నీడలో నిలబడి చూసి, అప్పుడు సరే అనండి.